జవాబు పదహారు

మా ఆయన ఆఖరి రోజుల్లో లెక్క తప్పారట. ఆ మాట అన్నది దారిన పోయే మనిషి కాదు, ఒక పెద్ద అధికారి. ఆయన సంతాప సభలో, ఆయన ఫోటో పక్కనే నిలబడి, మైకు పట్టుకుని అన్నాడు. "మంచి మనిషి, నిక్కచ్చి మనిషి. కాకపోతే వయసు, ఆరోగ్యం... చివర్లో కొంచెం పొరబడ్డారు. మనం అవన్నీ మరిచిపోదాం," అన్నాడు. అందరూ తలలూపారు. వెనక వరసలో ఇనప కుర్చీ మీద కూర్చున్న నేను ఒక్కదాన్నే ఊపలేదు.

మరిచిపోదాం అనడానికి ఆ అధికారి ఎవరు? తప్పు చేసింది ఎవరు, మరిచిపోవాల్సింది ఎవరు?

నేను పెద్దగా చదువుకోలేదు. ఏడో తరగతి మధ్యలో బడి మానేశాను. నోరెత్తే మనిషిని కూడా కాను. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో నేను గట్టిగా మాట్లాడింది వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. అందుకే ఆ రోజు కూడా లేచి ఏమీ అనలేదు. ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, కుట్టు మిషన్ ముందు కూర్చుని ఏడ్చాను. ఏడుపు అయ్యాక కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా పోలేదు. పోకముందే ఇది రాసిపెడదామని కూర్చున్నాను.

ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పాలి.

ఒక మామూలు కాలేజీలో లెక్కల మాస్టారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు, ఒక చిన్న చదరపు అద్దం. గడ్డం గీసుకునేటప్పుడు చూసుకునే అద్దం పగిలితే, అందులో మంచి ముక్కకి అంచులు అరగదీయించి జేబులో పెట్టుకున్నారు. పిల్లలు వెనకాల "అద్దం సారు" అనేవాళ్ళు. ఆయనకి తెలుసు. "నాకు పెట్టిన పేర్లలో ఇదే నయం," అని నవ్వేవారు.

ఆ అద్దం సోకుకి కాదు, పాఠానికి. బల్ల మీద కాగితం పెట్టి, దాని మీద గీత గీసి, నడి గీత దగ్గర అద్దం నిలబెట్టేవారు. కుడివైపు గీత అద్దంలో ఎలా కనిపిస్తుందో, అద్దం తీశాక ఎడమవైపు గీత కూడా అచ్చం అలాగే ఉంటే అది సరి ప్రమేయం. అలా కాకుండా, కాగితాన్ని బల్ల మీదే తలకిందులుగా తిప్పితే గీత ముందు ఎలా ఉందో మళ్ళీ అలాగే కనిపిస్తే అది బేసి ప్రమేయం. "రెండూ కాకపోతే?" అని ఎవరైనా అడిగితే ఆయన మొహం వెలిగిపోయేది. "లోకంలో చాలామంది రెండూ కాదు నాయనా. అలాంటివాళ్ళని ముక్కలు చేసి చూడాలి," అనేవారు.

నాకిదంతా ఎలా తెలుసంటారా? నేను చొక్కాలు కుడతాను. మా ఇంట్లో ముందు గదిలో ఒక పక్క ఆయన బల్ల, ఒక పక్క నా మిషన్. ఇంటికి వచ్చే పిల్లలకి ఆయన చెప్పే పాఠం ఇరవై తొమ్మిదేళ్ళు నా చెవిన పడింది. అర్థం అయ్యీ కానట్టు వింటూ, కాజాలు కుట్టుకుంటూ ఉండేదాన్ని.

ఒకరోజు నేను వీపు ముక్క కత్తిరిస్తున్నాను. గుడ్డ మధ్యకి మడిచి, సగం బొమ్మే గీసి, మడత మీద కత్తెర వేస్తాం కదా. విప్పితే పూర్తి వీపు. ఆయన పాఠం మధ్యలో ఆపి, "ఆగు ఆగు, ఇటు చూడండిరా," అని పిల్లలందరినీ నా చుట్టూ నిలబెట్టారు. "మీ అమ్మగారు ఏం చేసింది? సగం గీసింది, రెట్టింపు అయింది. సరి ప్రమేయం అంటే ఇదే. మైనస్ రెండు నించి రెండు దాకా గీత కింద చోటు లెక్కగట్టమంటే, సున్నా నించి రెండు దాకా కట్టి రెండుతో గుణించు. ఇంత గుడ్డ పరుచుకుని రెండుసార్లు కొలవడం ఎందుకు?"

నేను ఊరుకోలేదు. "వీపుకి సరే. ముందు ముక్కకి అలా చేస్తే నా కొంప మునుగుతుంది. ఒక పక్క బొత్తాలు, ఒక పక్క కాజాలు. జేబు ఒకవైపే. మడత మీద కోస్తే జేబులు రెండొస్తాయి," అన్నాను.

పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన నవ్వలేదు. సుద్దముక్క పట్టుకుని నన్నే చూస్తూ, "అదీ అసలు సంగతి. మడత పెట్టేముందు గుడ్డ చూడాలి," అన్నారు. ఆ మాట మర్నాడు క్లాసులో కూడా చెప్పారట, నా పేరు మీద.

బేసి సంగతి ఆయన గుంట, గుట్ట అని చెప్పేవారు. నేల మట్టం మీద ఒక పక్క ఎంత గుంట తవ్వావో, ఆ మట్టి అంతా రెండో పక్క గుట్టగా పోశావు. మొత్తం మీద నేల పెరిగిందా తగ్గిందా? ఏమీ లేదు, సున్నా. అందుకే బేసి ప్రమేయాన్ని మైనస్ రెండు నించి రెండు దాకా కడితే, ఎంత భయంకరంగా ఉన్నా సున్నాయే. అర పేజీ లెక్క అర నిమిషంలో అయిపోతుంది. కానీ ఆయన అక్కడితో ఆగేవారు కాదు. "నడిమి దగ్గర చిరుగు ఉందా చూశావా? ఒకటి బై ఎక్స్ కూడా బేసే. మైనస్ ఒకటి నించి ఒకటి దాకా సున్నా అని రాసేస్తావా? అక్కడ గుంటకి అడుగు లేదు, గుట్టకి కొస లేదు. అంతులేని దాంట్లోంచి అంతులేనిది తీసేస్తే సున్నా అని నీకెవరు చెప్పారు?" అని గదమాయించేవారు. ఆయన దగ్గర చదివినవాళ్ళు ఒక పట్టాన సున్నా రాసేవాళ్ళు కాదు. చూసి రాసేవాళ్ళు.

అలాంటి మనిషి లెక్క తప్పారట!

జరిగింది ఇది. ఏటా పెద్ద పరీక్షలయ్యాక పేపర్లు దిద్దడానికి ఆయన్ని పిలిచేవారు. పెద్ద హాలు, పొడుగు బల్లలు, తలా ఒక కట్ట. దిద్దే అందరికీ ఒక జవాబుల పత్రం ఇస్తారు. దాన్ని 'కీ' అంటారు. అందులో ఉన్నట్టు జవాబు ఉంటే మార్కులు, లేకపోతే లేదు. హాలంతటికీ పైన ఒకాయన ఉంటాడు. చీఫ్ అంటారు. సంతాప సభలో మైకు పట్టుకున్నది ఈయనే. ప్రశ్నా ఈయనదే, కీ కూడా ఈయనదే.

ఏడు మార్కుల ప్రశ్న ఒకటి. మైనస్ రెండు నించి రెండు దాకా సమాకలనం, అంటే ఆ గీత కింద చోటు మొత్తం కట్టడం. లోపల మూడు ముక్కలు. ఎక్స్ ఐదో ఘాతం ఇంటూ కాస్ ఎక్స్ ఒకటి. మూడు ఎక్స్ స్క్వేర్ ఒకటి. ఎక్స్ ఇంటూ, ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఒకటికి వర్గమూలం, ఇది మూడోది. మూడూ కూడాలి. కీలో జవాబు: సున్నా.

ఆయన ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే చెప్పారు. "చూశావా, మొదటిది బేసి. ఎక్స్‌కి బదులు మైనస్ ఎక్స్ పెడితే ఐదో ఘాతం గుర్తు మారుతుంది, కాస్ మారదు. కలిపి చూస్తే గుర్తు మారింది. మూడోదీ అంతే. బయట ఎక్స్ మారుతుంది, లోపల వర్గమూలం కదలదు. రెండూ సున్నాలు. నడిమిది? మూడు ఎక్స్ స్క్వేర్. అది సరి. మైనస్ పెట్టినా ప్లస్ పెట్టినా ఒకటే. రెండు పక్కలా గుట్టలే. గుంట ఎక్కడుంది సున్నా రావడానికి? సున్నా నించి రెండు దాకా ఎనిమిది, రెట్టిస్తే పదహారు. జవాబు పదహారు!"

"మరి చీఫ్ గారితో చెప్పలేదా?"

"చెప్పకుండా ఉంటానా? హద్దులు రెండు పక్కలా సమానంగా ఉన్నాయి కాబట్టి సున్నా అన్నాడు. ఒక్క హద్దులు చూస్తే చాలదండీ, లోపల ఏముందో చూడాలి అన్నాను. మూడింట్లో రెండు బేసే కదా అన్నాడు."

"అంటే ఓట్లు లెక్కపెడుతున్నారా?" అన్నాను.

ఆయన పగలబడి నవ్వారు. ఆయన అలా నవ్వడం అదే ఆఖరు, అప్పుడు నాకు తెలీదు.

మర్నాడు చీఫ్ ఒకటే మాట చెప్పాడట. "కీ ప్రకారం దిద్దండి. లేకపోతే కలం కింద పెట్టండి." మా ఆయన కీ ప్రకారం దిద్దలేదు. పదహారు రాసినవాళ్ళకి ఏడుకి ఏడు వేశారు. సున్నా రాసినవాళ్ళకి, రెండు ముక్కలు బేసి అని చూపించినందుకు సగం మార్కులు వేసి, నడిమి ముక్క వదిలేశారని పక్కన రాశారు. మూడోరోజు మధ్యాహ్నం ఆయన దగ్గర్నించి కట్టలు లాక్కుని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. "మీ ఆరోగ్యం బాగాలేనట్టుంది, విశ్రాంతి తీసుకోండి," అని కాగితం చేతిలో పెట్టి పంపించారు. ఆరోగ్యమట! అందరి ముందూ, పొడుగు బల్లల మధ్యనించి నడిపించుకుంటూ తీసుకొచ్చి గుమ్మం దాకా దిగబెట్టారు.

ఇంటికొచ్చి ఆయన ఏం చేశారో తెలుసా? బల్ల ముందు కూర్చుని ఆ లెక్క పొడుగు దారిన చేశారు. సరి లేదు, బేసి లేదు, అద్దం లేదు. ఐదుసార్లు విడదీసి విడదీసి, మూడు పేజీలు. "ఎందుకండీ ఈ తిప్పలు?" అంటే, "నా మీద నాకే అనుమానం వచ్చేలా చేశారే," అన్నారు. ఆ మాటకి నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. ఐదో ఘాతం ముక్కకి ఆరు పదాలు వచ్చాయి. ఒక్కో పదం రెండు దగ్గర ఎంతో, మైనస్ రెండు దగ్గరా అంతే. ఆరూ కొట్టేశారు. వర్గమూలం ముక్క కూడా కొట్టేశారు. నడిమి ముక్క ఎనిమిదిలోంచి మైనస్ ఎనిమిది తీసేస్తే పదహారు. కింద రెండు గీతలు గీశారు.

ఆ గీతలు గీసిన మూడు వారాలకి, పొద్దున్నే స్నానానికి వెళ్తూ గుమ్మంలో కూలబడ్డారు. అంతే. దాని గురించి ఇంకేం రాయను.

సభ అయిన వారానికి ఫలితాలొచ్చాయి. ఆ మర్నాడు సైకిలు మేస్త్రి కూతురు వచ్చింది. ఆయన దగ్గర రెండేళ్ళు చదివిన పిల్ల. వాళ్ళ నాన్న కొట్లో పంక్చర్లు వేస్తూనే చదువుకుంది, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ నలుపు ఉంటుంది. లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై ఐదు కావాలి. మిగతావన్నీ పాసు. యంత్రాల కోర్సులో సీటు వచ్చింది, నెలాఖరులోగా పాసైనట్టు కాగితం చూపించకపోతే అది వేరేవాళ్ళకి పోతుంది. పిల్ల ఏడవలేదు. "అమ్మా, నేను రాసినంతలో ఒక్క లెక్క కూడా తప్పు చేయలేదనుకున్నానే," అంది. అలా అనడం ఏడవడం కంటే కష్టంగా ఉంది వినడానికి.

దరఖాస్తు పెట్టి తన జవాబు పత్రం నకలు తెప్పించుకుంది. అది నా ముందు పరిచింది. ఆ ప్రశ్న దగ్గర నాలుగే వరసలు. మొదటిది బేసి, సున్నా. మూడోది బేసి, సున్నా. నడిమిది సరి, రెండింతలు ఎనిమిది. పదహారు. పక్కన ఒక ఏడు. ఆ ఏడు అడ్డంగా కొట్టేసి ఉంది. దాని పక్కన, వేరే చేత్తో, సున్నా.

ఆ ఏడు నాకు తెలుసు. ఏడుకి నడుం మీద అడ్డగీత గీయడం మా ఆయన అలవాటు. పచ్చళ్ళ సీసాల మీద తేదీలు కూడా అలాగే రాసేవారు. పేపర్ల మీద పేర్లుండవు, నెంబర్లే ఉంటాయి. ఎవరి పేపరో తెలీకుండానే ఆయన తన శిష్యురాలికి ఏడు వేశారు. దాన్ని ఎవరో కొట్టేశారు.

నేను ఆ అడ్డగీత మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నాను. పిల్ల భయపడి, "అమ్మా, నీళ్ళు తేనా?" అంది.

"నీళ్ళొద్దు. ఆ అటక మీది కట్ట దించు," అన్నాను.

ఆయన పాత ప్రశ్నపత్రాలన్నీ ఏటికేడాది తాడు కట్టి దాచారు. ఎందుకు దించమన్నానో నాకే తెలీదు. ఏదో వెతకాలనిపించింది. పిల్లా నేనూ నేల మీద పరిచాం. నాకు అర్థం తెలీకపోయినా అచ్చు తెలుస్తుంది. ఒక చొక్కా చూసి రెండోది అదే కొలతో కాదో చెప్పగలను. పోయినేడాది పేపరు పక్కన ఈ ఏడాది పేపరు పెట్టాను. అదే ప్రశ్న! అదే ఐదో ఘాతం, అదే కాస్, అదే వర్గమూలం, అవే హద్దులు. నడుమ మూడు ఎక్స్ స్క్వేర్ ఒక్కటే లేదు.

"ఇది పోయినేడాది. దీనికి జవాబెంత?" అన్నాను.

పిల్ల చూసింది. "రెండూ బేసి. సున్నా అమ్మా." తర్వాత రెండు పేపర్లనీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది.

అంతేనండీ. పోయినేడాది చొక్కా తీసుకుని, కొత్తది అనిపించడానికి ఒక జేబు కుట్టాడు. కొలతల చీటీ మాత్రం పాతదే ఉంచాడు. ప్రశ్న మార్చాడు, జవాబు మార్చడం మరిచిపోయాడు. మరిచిపోవడం తప్పు కాదు, నేనూ బొత్తాలు మరిచిపోతాను. కానీ ఒక మనిషి వచ్చి చూపించాక కూడా, ఆ మనిషిని మెడ పట్టి గెంటి, పిల్లల ఏడులు కొట్టేయించి, ఆ మనిషి పోయాక ఫోటో పక్కన నిలబడి 'పొరబడ్డారు' అంటాడా?

మా మరిది సాయంత్రం వచ్చాడు. పొద్దున్నే పరీక్షల ఆఫీసుకి వెళ్ళడానికి సంచీ సర్దుకుంటున్న నన్ను చూసి, "వదినా, ఇప్పుడెందుకిదంతా? పోయినవాణ్ణి మళ్ళీ పరీక్ష రాయిస్తావా?" అన్నాడు.

"మీ అన్నయ్య రాశారు. దిద్దిన వాళ్ళనే ఇప్పుడు దిద్దాలి," అన్నాను.

"వాళ్ళు పెద్దవాళ్ళు. నీకు అందులో ఏం తెలుసని?"

"గుంట తెలుసు, గుట్ట తెలుసు," అన్నాను. అతను నన్ను వింతగా చూశాడు. కానీ పొద్దున్నే తన బండి మీద పిల్లనీ నన్నూ బస్సు దగ్గర దింపింది అతనే.

ఆఫీసు రెండంతస్తుల భవనం. మెట్ల మీద కిందనించి పైదాకా పిల్లలూ తల్లిదండ్రులూ. కిటికీలో గుమాస్తా మా దరఖాస్తు చూడకుండానే, "మార్కులు కూడడంలో తప్పుంటే చూస్తాం. జవాబు తప్పో ఒప్పో చూడం," అన్నాడు.

"మరి జవాబు తప్పో ఒప్పో ఎవరు చూస్తారు?" అన్నాను.

"అది దిద్దేటప్పుడే చూసేశారమ్మా."

"చూసినాయన్ని గెంటేశారు కదా బాబూ."

అతను అప్పుడు దరఖాస్తు చదివాడు. చివరికి రెండో అంతస్తులో చీఫ్ గది చూపించాడు. గంటన్నర నిలబెట్టాక లోపలికి రమ్మన్నారు. ఆయన నన్ను గుర్తుపట్టాడు. లేచి నిలబడ్డాడు కూడా. "అయ్యో, మీరెందుకొచ్చారమ్మా, కబురు పెడితే సరిపోయేది. ఏదైనా పింఛను కాగితాలా?"

"కాదండీ. లెక్క," అన్నాను.

ఆయనకి నవ్వొచ్చింది. దాచుకున్నాడులెండి. పిల్ల నకలు బల్ల మీద పెట్టింది. చూసి, "ఇది కీ ప్రకారం..." అని మొదలుపెట్టాడు. నేను నకలు మీద నడిమి ముక్క దగ్గర వేలు పెట్టాను. అప్పుడు అడిగాను.

"నాకు చదువు లేదండీ. ఒక్కటి చెప్పండి. ఈ నడిమి ముక్క, మూడు ఎక్స్ స్క్వేర్, మైనస్ రెండు నించి రెండు దాకా ఎక్కడైనా నేల మట్టం కిందకి దిగుతుందా?"

"అదీ... దిగదు. వర్గం కదా."

"మిగతా రెండూ గుంటా గుట్టా సరిపోయి సున్నా అయిపోతాయి కదా?"

"అవును, అవి బేసి ప్రమేయాలు."

"మరి దిగనిది, రెండు పక్కలా గుట్టలే పోసింది, ఆ మట్టంతా ఏమైపోయిందండీ? మీరు సున్నా అన్నారు. ఎవరెత్తుకుపోయారు?"

ఆయన కలం తీశాడు. కాగితం మీద ఏదో రాశాడు. ఆపాడు. మళ్ళీ రాశాడు. నేను సంచీలోంచి పోయినేడాది పేపరు తీసి, దాని పక్కన ఈ ఏడాదిది పెట్టాను. ఆ రెండు కాగితాలనీ ఆయన చూసిన చూపు నాకు గుర్తుంది. మొహం ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. ఆయనకి అర్థమైంది. ఆ గదిలో లెక్క తెలిసినవాళ్ళం ముగ్గురం అయ్యాం.

కలం కింద పెట్టి, గొంతు తగ్గించి, "చూడమ్మా, ఈ అమ్మాయి పేపరు నేను మళ్ళీ చూపిస్తాను. ఏడు మార్కులు వేయిస్తాను. సీటు పోదు. విషయం ఇక్కడితో..." అన్నాడు.

పిల్ల నా వైపు చూసింది. పాపం, ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. నెలాఖరుకి ఎనిమిది రోజులుంది.

"వేయించండి. పిల్లని ఆపకండి," అన్నాను. "కానీ పదహారు రాసిన పిల్లలు ఇంకెందరున్నారు? వాళ్ళమ్మలు ఇక్కడికి రాలేదని వాళ్ళకి సున్నాయేనా? అదీకాక మీరు సభలో ఒక మాట అన్నారు. ఆ మాట కూడా దిద్దాలి."

"అది ఏదో సందర్భానికి..."

"మైకులో అన్నారండీ. కాగితం మీద దిద్దండి చాలు."

మా ఆయన చేసిన మూడు పేజీలూ, రెండు ప్రశ్నపత్రాలూ, పిల్ల నకలూ కలిపి ఒక అర్జీ ఇచ్చాం. పిల్ల రాసింది, నేను సంతకం పెట్టాను. వంకర సంతకం. గుమాస్తా ముద్ర వేసి ఒక నకలు ఇచ్చాడు.

ఆరు రోజులకి ఆఫీసు నించి ప్రకటన వచ్చింది. పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది, చేతికి గ్రీజు అలాగే ఉంది. ముప్పై ఎనిమిది! పాసు! సీటు నిలిచింది. గుమ్మంలోనే నా కాళ్ళకి చుట్టుకుపోయింది. నేను సంతోషించలేదంటే అబద్ధం. ఆ పూట ఇద్దరం ఆయన బల్ల దగ్గరే కూర్చుని తిన్నాం.

తిన్నాక ప్రకటన మళ్ళీ చదివించుకున్నాను. "ప్రశ్నలో అస్పష్టత ఉన్నందున, దానిని ప్రయత్నించిన అభ్యర్థులందరికీ పూర్తి మార్కులు కలపడమైనది." అంతే. పదహారు రాసినవాళ్ళకీ ఏడే, సున్నా రాసినవాళ్ళకీ ఏడే, ప్రశ్న తిరగరాసి వదిలేసినవాళ్ళకీ ఏడే. మా ఆయన మాట ఎక్కడా లేదు. కీ తప్పన్న మాట లేదు.

అస్పష్టతా? ఏం అస్పష్టంగా ఉంది అందులో? మూడు ముక్కలూ పగటి వెలుగులా కనిపిస్తున్నాయి. హద్దులు కనిపిస్తున్నాయి. ఆ పిల్ల నాలుగు వరసల్లో తేల్చింది. చొక్కా చెడగొట్టిన దర్జీ గుడ్డే సరిగా లేదంటే మీరు ఒప్పుకుంటారా? తప్పు చేసిన మనిషిని దాచడానికి, ఒప్పు చేసిన పిల్లల్ని తప్పు చేసినవాళ్ళతో కలిపేసి చేతులు కడుక్కున్నారు. మా ఆయన ఉంటే ఆ కాగితం చించేవారు. కాదులెండి, చించరు. ఎర్ర సిరాతో దిద్దేవారు.

"పోనీలే అమ్మా, అందరూ పాసయ్యారు కదా," అంది పిల్ల.

"నువ్వు పాసయ్యావు. ఆయన ఇంకా అవలేదు," అన్నాను.

మర్నాడు ఒక్కదాన్నే బస్సెక్కాను. ఆ ప్రకటన వెనకవైపు ఖాళీగా ఉంది. ఆయన ఎర్ర సిరా కలంతో నేనే రాశాను. అక్షరాలు పెద్దవీ చిన్నవీ పడ్డాయి. "ప్రశ్నలో అస్పష్టత లేదు. నడిమి ముక్క సరి, మిగతా రెండూ బేసి. జవాబు పదహారు. ఈ సంగతి మొదట చెప్పినాయన పొరబడలేదు." కింద నా పేరు కాదు, ఆయన పేరు రాసి, ఆయన భార్య అని రాశాను.

కిటికీలో అదే గుమాస్తా. రెండుసార్లు చదివాడు. "దీన్ని ఏ విభాగానికి పంపాలమ్మా? దీనికి జవాబు రాదు," అన్నాడు.

"జవాబు నేనే రాశాను కదయ్యా. మీరు అందిందని ముద్ర వేస్తే చాలు."

వెనక మెట్ల మీద వరసలో ఉన్నవాళ్ళు తొంగి చూస్తున్నారు. ఒక కుర్రాడెవరో కాగితం మీదికి వంగి చదివి, "అవును, పదహారే. నేనూ అదే రాశాను," అన్నాడు పక్కవాడితో. గుమాస్తా ఆ మాట విన్నాడు. ముద్ర సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా కొట్టాడు. తేదీ వేశాడు. తేదీలో ఒక ఏడు ఉంది, నడుం మీద గీత లేకుండా.

"బాబూ, కలం ఇటివ్వు," అని అడిగి తీసుకుని, ఆ ఏడుకి గీత నేను గీశాను.